మధ్య రోల్ నంబరు వాడి మాట

పెద్దలు కుదిర్చే పెళ్లిలో ఎంక్వైరీ అని ఒకటుంటుంది. అబ్బాయి పనిచేసే ఆఫీసులో తెలిసినవాళ్లని పట్టుకుంటారు. అద్దెకున్న వీధిలో కిరాణా కొట్టాయన్ని కదిలిస్తారు. అమ్మాయి చదివిన కాలేజీలో ఎవరో దూరపు బంధువు లెక్చరరని గుర్తొస్తే ఆయనకి ఫోన్ చేయిస్తారు. వచ్చే సమాచారంలో సగం నిజం, సగం మర్యాద అయినా, అడిగామన్న తృప్తి మిగులుతుంది.

ఇంజనీరింగ్ కాలేజీలో కలుసుకుని, ఉద్యోగాలొచ్చాక ఇళ్లలో చెప్పి, ఒప్పించి పీటల మీద కూర్చున్న జంట విషయంలో ఆ తృప్తి ఉండదు. సంగతి బయటపడే సరికే వాళ్ల నిర్ణయం అయిపోయి ఉంటుంది. పెళ్లికొచ్చిన పెదనాన్నకీ, మేనత్తకీ, అమ్మమ్మకీ అవతలి పిల్లో పిల్లాడో ఎలాంటి మనిషో తెలియదు. అడగడానికి మొహమాటం. ఆ హాల్లో తెలిసినవాడంటూ ఉంటే ఆ ఇద్దరి పక్కన నాలుగేళ్లు కూర్చున్న స్నేహితుడే. రిసెప్షన్‌లో మైకు అతని చేతికిస్తే అతను చెప్పాల్సింది జరగకుండా పోయిన ఆ ఎంక్వైరీ రిపోర్టు. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, తక్కువైతే చాలదు.

ఇంగ్లీషువాళ్ల పెళ్లి విందులో ఇదొక స్థిరమైన అంకం. పెళ్లికూతురి తండ్రి, తర్వాత పెళ్లికొడుకు, ఆ తర్వాత పెళ్లికొడుకు ప్రాణస్నేహితుడు మాట్లాడటం అక్కడి వరస. మాట ముగిశాక అందరూ గ్లాసులెత్తి జంట పేరు చెప్పి ఒక గుటక వేస్తారు. దీన్నే టోస్ట్ అంటారు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల రిసెప్షన్లలోకి ఇది ఎప్పుడో వచ్చేసింది. డీజే పేరు పిలుస్తాడు, అబ్బాయి తరఫున ఒకరు, అమ్మాయి తరఫున ఒకరు మాట్లాడతారు. మందు ముట్టని కుటుంబమైతే గ్లాసుల్లో నురగొచ్చే ఆపిల్ జ్యూస్ పోయిస్తారు. ఇక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గ్లాసు ఉండదు. సంగీత్‌లోనో రిసెప్షన్‌లోనో యాంకర్ పిలిచి, "ఇప్పుడు పెళ్లికొడుకు బెస్ట్ ఫ్రెండ్ రెండు మాటలు మాట్లాడతారు" అంటాడు. ఆ రెండు మాటల గురించే ఇదంతా.

మా బంధువుల కుర్రాడొకడు ఇలాంటి మాటలు రాసుకుని చూడమని తెచ్చాడు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇద్దరూ అతని క్లాస్‌మేట్లే. ఊరి బయట హైవే పక్కన ఉండే ప్రైవేటు కాలేజీ, ఈసీఈ బ్రాంచి. మొదటి ప్రతి మూడు పేజీలుంది. క్యాంటీన్ సమోసా, బంకు కొట్టిన క్లాసులు, మొదటిరోజు వర్షం, ఫెస్ట్‌లో డాన్సు, ఫేర్‌వెల్ రోజు ఏడుపు, అన్నీ ఉన్నాయి. ఆ ఇద్దరు మాత్రం లేరు. శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' 2007లో వచ్చినప్పటి నుంచి మన ఇంజనీరింగ్ పిల్లలకి సొంత జ్ఞాపకాలు కూడా ఆ సినిమా రంగులోనే గుర్తొస్తున్నాయని నా అనుమానం. అతని ప్రతిలో పేర్లు మార్చి ఇంకో పెళ్లిలో చదివినా ఎవరికీ తేడా తెలియదు. పనికిరాని ప్రతిని పట్టుకోవడానికి నేను చూసేది ఇదే. పేర్లు మార్చినా చెల్లిపోతోందంటే అందులో ఎంక్వైరీ లేదన్నమాట.

"వాళ్లిద్దరూ నీకు ఎలా తెలుసు?" అని అడిగాను.

"రోల్ నంబర్లు బాబాయ్," అన్నాడు. "వాడిది ఫార్టీ సెవెన్, ఆ అమ్మాయిది ఫార్టీ నైన్. నాది మధ్యలో."

ఇది అతని మూడు పేజీల్లో ఎక్కడా లేదు. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు, చదవనివాళ్ల కోసం చెబుతాను. చాలా కాలేజీల్లో బ్రాంచిలో చేరినవాళ్ల పేర్లని అక్షర క్రమంలో పేర్చి నంబర్లు ఇస్తారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటే ఒక చోట పడతారు, అసలు పేరు ముందుంటే ఇంకో చోట పడతారు. ఆ పడటంతోనే చాలా తేలిపోతుంది. ల్యాబ్‌లో బ్యాచ్‌లు నంబరు వరసనే వేస్తారు, ముగ్గురికో నలుగురికో ఒక బ్యాచ్. మిడ్ పరీక్షలో ముందు వెనక బల్లలు అదే వరస. వైవాకి లోపలికి పిలిచేదీ అదే వరస. క్లాసులో ఎవరి పక్కన కూర్చోవాలో మనం ఎంచుకుంటాం గానీ ల్యాబ్‌లో కాదు. మన కాలేజీ ప్రేమల్లో ఎన్నింటికి మధ్యవర్తి అక్షరమాలో లెక్క తీస్తే సరదాగా ఉంటుంది.

అందుకే అతన్ని ల్యాబ్ గురించే అడిగాను. ఫెస్ట్‌లో, టూర్‌లో మనుషులు అందంగా కనపడతారు. మూడు గంటలు పనిచేయని సర్క్యూట్ ముందు నిలబడితే ఉన్నదున్నట్టు కనపడతారు. కాసేపు ఆలోచించి అతనొక సంగతి చెప్పాడు.

సెకండియర్‌లో యాంప్లిఫయర్ ప్రయోగం. బ్రెడ్ బోర్డు మీద బీసీ 107 ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు పెట్టి సర్క్యూట్ కట్టాలి. ఒక పక్క నుంచి కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్ ఇచ్చి, దాన్ని మార్చకుండా ఫ్రీక్వెన్సీని మాత్రం పెంచుకుంటూ పోవాలి. ఒక్కో చోట అవుట్‌పుట్ ఎంత వచ్చిందో సీఆర్‌ఓ తెర మీద చూసి అబ్జర్వేషన్ పుస్తకంలో రాయాలి. తర్వాత సెమీలాగ్ షీటు మీద గ్రాఫు గీయాలి. సర్క్యూట్ సరిగ్గా ఉంటే ఇచ్చినదానికన్నా చాలా రెట్లు పెద్ద సిగ్నల్ అవతల కనపడుతుంది. వీళ్లకి కనపడలేదు. చుట్టుపక్కల బ్యాచ్‌లవాళ్లు సీనియర్ల రికార్డు తెరిచి, అంకెలు అటూ ఇటూ ఒక పిసరు మార్చి రాసేసుకున్నారు. దీన్ని రీడింగులు దించడం అంటారు. చేయనివాళ్లు అరుదు. సార్ సంతకం పెట్టేస్తారు, గ్రాఫు కూడా అందంగానే వస్తుంది.

ఈ ముగ్గురిలో నలభై తొమ్మిది ఒప్పుకోలేదు. కాలేజీ బస్సు వెళ్లిపోయింది. అరగంటకి తప్పు దొరికింది. బీసీ 107 చిన్న లోహపు టోపీలా ఉంటుంది, దాని అంచున నాలుక లాంటి ముక్క ఒకటి బయటికొస్తుంది. ఆ ముక్క ఉన్న వైపు కాలు ఎమిటర్. దాన్ని చూసుకోకుండా ఎమిటర్‌నీ కలెక్టర్‌నీ తారుమారు చేసి గుచ్చాడు నలభై ఏడు. ఇలా గుచ్చితే ట్రాన్సిస్టర్ పూర్తిగా చచ్చిపోదు, పెంచడం మాత్రం నామమాత్రంగా ఉంటుంది. అందుకే ఏదో కాస్త వస్తోంది కదా అని అంతసేపూ మోసపోయారు.

ఇందులో ఎంక్వైరీకి కావాల్సినవి రెండూ ఉన్నాయి. అమ్మాయి ఎలాంటిదో తెలుస్తోంది. అబ్బాయి ఎలాంటివాడో తెలియడానికి మాత్రం ఇంకొకటి అడగాల్సి వచ్చింది. "తప్పు తనదని తెలిశాక వాడేం చేశాడు?" అంటే, "సార్‌తో తనే చెప్పేశాడు," అన్నాడు మామూలుగా. ఆ ముక్క మూడు పేజీల కన్నా విలువైనదని అతనికి అప్పటిదాకా తోచలేదు.

తర్వాతి చిక్కు భాష. ట్రాన్సిస్టర్, ఎమిటర్, సెమీలాగ్ అంటే స్నేహితుల బల్ల దగ్గర నవ్వులు వస్తాయి. మిగతా హాలు ఫోన్లు తీసుకుంటుంది. అందుకని ఒక లెక్క పెట్టుకున్నాం. మూడో వరసలో కూర్చున్న అమ్మాయి అమ్మమ్మకి అర్థం కాని మాట ఏదైనా ఉంటే తీసేయాలి. సర్క్యూట్ అన్న మాట ఉంచాం, కరెంటు పోయినప్పుడు ఇంట్లో వినే మాటే కాబట్టి. మిగతావన్నీ పోయాయి. పోయాక కూడా సంఘటన చెక్కుచెదరలేదు. సాంకేతిక పదాలు తీసేస్తే ఏమీ మిగలని సంఘటన పెళ్లిలో చెప్పేది కాదు.

మాటలు ఎట్టకేలకి ఇలా వచ్చాయి. పేర్లు మాత్రం తీసేశాను.

"అందరికీ నమస్కారం. నేను పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ కూడా క్లాస్‌మేట్‌ని. కాలేజీలో ఇతని నంబరు నలభై ఏడు, తనది నలభై తొమ్మిది. నలభై ఎనిమిది నాది. అంటే నాలుగేళ్లూ వీళ్లిద్దరి మధ్య అడ్డంగా ఉన్నది నేనే.

"సెకండియర్‌లో ఒక రోజు మధ్యాహ్నం ల్యాబ్. చిన్న సిగ్నల్ ఇస్తే పెద్దది చేసే సర్క్యూట్ ఒకటి కట్టి, ఎంత పెద్దది చేసిందో కొలిచి పుస్తకంలో రాయాలి. మాది ఎంతకీ పెద్దది చేయడం లేదు. పక్కవాళ్లందరూ పాత పుస్తకంలో చూసి అంకెలు వేసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతున్నారు. నాలుగుంపావుకి బస్సు. నేనూ పెన్ను తీశాను. తను నా పుస్తకం లాక్కుంది. 'మనకి రానిది వచ్చినట్టు ఎలా రాస్తాం?' అంది. నాకు ఒళ్లు మండింది. ఇతనికీ మండుతుందనుకున్నా. ఇతనేమో భుజాన్నుంచి బ్యాగు దించి, మళ్లీ మొదట్నుంచీ ఒక్కో వైరూ చూడటం మొదలెట్టాడు.

"బస్సు వెళ్లిపోయింది. అరగంటకి తప్పు తనే పట్టుకుంది. మూడు కాళ్ల చిన్న భాగం ఒకటి తిరగేసి గుచ్చేశాం. గుచ్చింది ఇతను. అప్పుడే సార్ వచ్చి, 'ఇంతసేపూ ఏం చేశార్రా?' అన్నారు. ముగ్గుర్లో ఎవరు గుచ్చారో ఆయనకి తెలియదు. మేం చెప్పకపోతే తెలిసే దారీ లేదు. 'నేనే తిరగేసి పెట్టాను సార్' అన్నాడు ఇతను. తను సార్ ముందు ఒక్క మాట అనలేదు. బయటికొచ్చాక కూడా అనలేదు. హైవే దాకా నడిచినంతసేపూ ఇద్దర్నీ తిట్టింది నేనొక్కణ్ణే.

"అంకుల్, ఆంటీ, మీ అల్లుడి గురించి మీరు ఎవర్నీ అడిగి ఉండరు. నేను చెబుతున్నాను. తప్పు చేస్తే దాచడు. ఇటు అంకుల్, ఆంటీ, మీ కోడలి గురించి కూడా చెబుతున్నాను. లేనిది ఉన్నట్టు రాయదు, తప్పు దొరికితే దెప్పదు. ఇది నాలుగేళ్లు మధ్యలో ఉండి చూసినవాడి మాట.

"నాది వీళ్ల వయసే. దీవించే పెద్దరికం నాకు లేదు, అది మీ చేతుల్లో ఉంది. స్నేహితులు మాత్రం ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి."

తీరిగ్గా చదివితే ఇది మూడు నిమిషాలు దాటదు. అయిదు నిమిషాలు దాటితే రిసెప్షన్ ఆగుతుంది. వేదిక కింద బొకేలు, కవర్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లకి మనం మాట్లాడే ప్రతి నిమిషం బరువే. మాట్లాడటానికి మంచి సమయం ఆ వరస మొదలవకముందు, జంట వేదిక ఎక్కిన కాసేపటికి. యాంకర్‌తో ముందే చెప్పుకుంటే దొరుకుతుంది. వరస మధ్యలో ఆపి మాట్లాడితే ఎంత బాగా రాసుకున్నా వినేవాళ్లుండరు.

ఇందులో ప్రేమ ఎలా మొదలైందన్న సంగతి లేకపోవడం గమనించే ఉంటారు. అది కావాలని వదిలేసింది. ఎవరు ముందు చెప్పారు, ఎక్కడ చెప్పారు అన్నవి ఇతను చూసినవి కావు. ఇంకో కారణం మన ఇళ్లకే సంబంధించింది. ఇలాంటి పెళ్లికి తరచు రెండు కథలుంటాయి. స్నేహితులకి తెలిసింది ఒకటి, అమ్మానాన్నలు బంధువులకి చెప్పుకున్నది ఇంకొకటి. "ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు, మాకూ నచ్చింది, కుదిర్చాం" అని తండ్రి తన అన్నదమ్ములకి చెప్పుకుని ఉంటాడు. మనం మైకు పట్టుకుని "ఫస్టియర్ నుంచే..." అని మొదలెడితే ఆ పెద్దమనిషి నలుగురిలో అబద్ధాలకోరు అవుతాడు. అందుకని రాసే ముందే జంటని ఈ ఒక్కటీ అడగాలి: మీ కథ చుట్టాలకి ఎలా చెప్పారు? మా కుర్రాడు అడిగితే, ఇద్దరూ క్లాస్‌మేట్లన్నది అందరికీ తెలుసు, అంతవరకు ఫరవాలేదు అన్నారు. ఆ గీత దాటకుండా ల్యాబ్ సంగతి హాయిగా సరిపోయింది.

మూడు పేజీల్లోంచి తీసేసినవాటిలో ఇంకో రెండు మూడు చెప్పుకోవాలి. పెళ్లికొడుక్కి మిగిలిన బ్యాక్‌లాగులు, సప్లిమెంటరీ పరీక్షలు ఒకటి. హాస్టల్ గదిలో అది నవ్వు తెప్పించే మాటే గానీ, అమ్మాయి మేనమామ వింటే అది వేరే సమాచారం. ఇద్దరి ప్యాకేజీలు ఇంకొకటి. అది గొప్ప కోసం చెప్పినా ఏదో ఒక వైపు చిన్నబోతుంది. "ఎన్నో అడ్డంకులు దాటి ఒక్కటయ్యారు" అన్న వాక్యం కూడా కొట్టేశాను. ఆ అడ్డంకులు ముందు వరసలోనే పట్టుబట్టలు కట్టుకుని కూర్చుని ఉన్నాయి. ఒప్పుకున్నాక వాళ్ల పాత కాదనడాన్ని మళ్లీ తవ్వడం మర్యాద కాదు.

సంబోధన దగ్గరా కాసేపు తటపటాయించాం. స్నేహితుడికి పెళ్లికొడుకు ఎప్పుడూ "వాడే." రాతలోనూ అలాగే వచ్చింది. అబ్బాయి వైపువాళ్లకి అది చనువుగానే వినపడుతుంది. అమ్మాయి వైపు పెద్దలకి మాత్రం కొత్త అల్లుణ్ణి నలుగురిలో "వాడు" అన్నట్టు గుచ్చుకుంటుంది. "ఆయన" అంటే స్నేహితుడి నోట నాటకంలా ఉంటుంది. చివరికి "ఇతను" దగ్గర ఆగాం. అమ్మాయిని "తను" అన్నాడు, అది ఎవరికీ ఎబ్బెట్టు కాదు. వరంగల్ ఎన్‌ఐటీ లాంటి చోట చదివిన జంటైతే ఇంకో సంగతి చూసుకోవాలి. అక్కడ సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లవి, కాబట్టి అవతలి కుటుంబానికి తెలుగే రాకపోవచ్చు. అలాంటప్పుడు మొత్తం ఇంగ్లీషులో మాట్లాడి రెండు వైపుల పెద్దల్నీ బయట పెట్టే కన్నా, తెలుగులో చెప్పి, అత్తమామలకి చెప్పే ఆ రెండు వాక్యాలు వాళ్ల భాషలో నేర్చుకుని చెప్పడం నయం.

ఇక చేతిలో ఏముండాలన్నది. ఫోన్ చూసి చదవొద్దన్నాను. మధ్యలో తెర ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేస్తారు. పైగా తెర వెలుగు కింద నుంచి పడి ఫొటోల్లో ముఖం దయ్యంలా వస్తుంది. పెళ్లి కార్డు సైజు అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో నాలుగు గుర్తులు రాసుకుంటే చాలు: నంబర్లు, పుస్తకం లాక్కోవడం, "నేనే సార్", అంకుల్-ఆంటీ. మైకు గడ్డం దగ్గర పిడికెడు దూరంలో పట్టుకోవాలి. చేయి ఊపుతూ మాట్లాడేవాళ్లకి సగం మాటలు గాల్లో పోతాయి. స్పీకరు పెట్టెల ముందుకి నడిస్తే మైకు కీచుమంటుంది, దాంతో హాలంతా చెవులు మూసుకుంటుంది. అందుకని వేదిక మీద జంటకి ఒక పక్కగా, పెట్టెలకి వెనకగా నిలబడాలి. జంట వైపు తిరిగి కాదు, హాలు వైపు తిరిగి మాట్లాడాలి. ఆ సంఘటన జంటకి తెలిసిందే కదా.

అట్ట ముక్క మీద ఒక గుర్తు దగ్గర పెన్సిలుతో గీత గీయించాను. సమయం తక్కువైతే వదిలేయాల్సిందేదో ఇంట్లోనే తేల్చుకోవాలి, వేదిక మీద తోచదు. రోల్ నంబర్ల సరదా వదిలేయొచ్చు. పుస్తకం లాక్కోవడం, సార్‌తో చెప్పడం వదలకూడదు. అనుకున్నట్టే ఆ రోజు ముహూర్తం దగ్గరపడుతోందని పురోహితుడు తొందరపెట్టాడు. యాంకర్ వచ్చి చెవిలో "రెండే నిమిషాలు అన్నా" అన్నాడు. మా కుర్రాడు "సెకండియర్‌లో ఒక రోజు ల్యాబ్‌లో మేం ముగ్గురం ఒకే బ్యాచ్" అని నేరుగా మొదలెట్టి, రెండు నిమిషాల్లో ముగించి, మైకు యాంకర్‌కి తిరిగి ఇచ్చేసి కిందికి దిగాడు.